మెడ మీది నలుపు, పరగడుపు ఇన్సులిన్

ఆదివారం తలంటు పోసేటప్పుడు అమ్మ బీరపీచు తీసుకుని పిల్ల మెడ వెనక రుద్దుతుంది. ముందు సున్నిపిండి, అది పని చేయకపోతే నిమ్మచెక్క, అదీ కాకపోతే వంటసోడా. మెడ ఎర్రబడుతుంది, మంట పుడుతుంది, పిల్ల ఏడుస్తుంది. నలుపు మాత్రం అలాగే ఉంటుంది. "ఎంత రుద్దినా పోతలేదు బిడ్డా, బడిలో మట్టిల పొర్లుతున్నవా?" అన్న మాట సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఏదో ఒక ఇంట్లో వినబడేదే. ఆ పిల్ల తప్పేమీ లేదు. అది మట్టి కాదు.

ఈ విషయం ఇప్పుడు చాలామందికి తెలిసింది. తెలిశాక ఇంకో ప్రశ్న వచ్చి పడింది. "మెడ నలుపంటే ఇన్సులిన్ సరిగా పని చేయట్లేదని అర్థమట, పరగడుపున ఇన్సులిన్ పరీక్ష చేయించాలట" అని తల్లిదండ్రులు కాగితం పట్టుకుని ల్యాబుకు వెళ్తున్నారు. చేయించాలా, అక్కర్లేదా? రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి. నా మొగ్గు ఎటో చివరికి చెబుతాను గానీ, ముందు రెండో వైపు వాదననూ దాని బలం తగ్గించకుండా వినాలి.

మొదట ఇది అదేనా కాదా అని తేల్చుకోవాలి. పగటి వెలుతురులో మెడ వెనక, పక్కల, చంకల్లో చూడండి. రంగు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగదు, అంచుల్లో మెల్లగా పలచబడుతుంది. వేలితో రాస్తే మఖమలు గుడ్డ మీద రాసినట్టు మెత్తగా, కొంచెం దళసరిగా తగులుతుంది. దగ్గరగా చూస్తే చర్మం మీది సన్నని గీతలు లోతుగా, ఒకదాని పక్కన ఒకటి దున్నిన చాళ్లలా కనిపిస్తాయి. చాలామందికి అదే చోట చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటాయి. కొందరికి వేళ్ల కణుపుల మీద, గజ్జల్లో కూడా ఉంటుంది. స్పిరిట్ దూదితో గట్టిగా తుడిస్తే రంగు దూదికి అంటి చర్మం తేటపడిందంటే అది వేరే సంగతి, పేరుకున్న పొర మాత్రమే. తుడిచినా మారకపోతే, దురద పెద్దగా లేకపోతే, రెండు వైపులా ఒకేలా ఉంటే, డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అనేది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. చంకలో ఒక్కవైపే గోధుమరంగు మచ్చ ఉన్నా, పొలుసులు లేచినా, బాగా దురద పెట్టినా అది తామర కావచ్చు, ఇంకో ఇన్ఫెక్షన్ కావచ్చు. పీచుతో, రాయితో ఏళ్ల తరబడి రుద్దిన చోట రాపిడి వల్లనే నల్లబడే చర్మం కూడా ఉంది. అందుకే బీరపీచును ముందు పక్కన పెట్టాలి. రుద్దుడు వల్ల ఉన్న నలుపు మీద ఇంకో నలుపు చేరుతుంది.

ఇక ఇన్సులిన్ సంగతి. ఈ ప్రాంతం వాళ్లకు సాగర్ ఎడమ కాలువ తెలుసు. కాలువలో పూడిక పేరుకుంటే చివరి ఆయకట్టుకు నీళ్లు అందవు. చివరి పొలం తడవాలంటే పైనుంచి ఎక్కువ నీళ్లు వదలాలి. అలా వదిలితే చివరి పొలం ఎలాగోలా తడుస్తుంది, కానీ పైనున్న గట్ల మీద గడ్డి విపరీతంగా పెరుగుతుంది. శరీరంలో జరిగేదీ దాదాపు ఇదే. కండరం, కాలేయం, కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడానికి క్లోమం రెండింతలు, మూడింతలు ఇన్సులిన్ వదులుతుంది. చక్కెర అంకె మామూలుగానే ఉంటుంది. ఆ పొంగిన ఇన్సులిన్ మాత్రం చర్మంలో ఇంకో తాళానికి కూడా సరిపోతుంది. పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్-1 అనే హార్మోను పట్టుకునే గ్రాహకాలవి. మామూలు మోతాదులో ఇన్సులిన్ వాటిని పెద్దగా కదిలించదు, ఎక్కువైతే కదిలిస్తుంది. అప్పుడు చర్మం పై కణాలు గబగబా పెరిగి, దళసరిగా, మడతలుగా పేరుకుంటాయి. మన కంటికి కనిపించే నలుపులో ఎక్కువ భాగం ఆ మందం, ఆ మడతల వల్ల వచ్చేదే, రంగు పదార్థం ఎక్కువై వచ్చింది కాదు. రంగు తగ్గించే క్రీములు ఎందుకు ఓడిపోతాయో ఇక్కడే తెలిసిపోతుంది.

అంటే మెడ మీద కనిపించేది గట్టు మీద గడ్డి. కాలువలో నీటి మట్టం ఎక్కువగా ఉందని అది చెబుతోంది. ఇప్పుడు ప్రశ్న, ఆ మట్టాన్ని స్కేలు పెట్టి కొలవాలా?

కొలవాలనే వాళ్ల మాటకు పెద్ద వంశవృక్షం ఉంది. 1890ల్లో ఐరోపా చర్మ వైద్యులు ఈ నలుపును మొదట వర్ణించినప్పుడు దాన్ని కడుపులో క్యాన్సరుకు గుర్తుగా చూశారు. చాలాకాలం ఆ భయమే నడిచింది. 1960లో న్యూయార్క్‌లో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రచురించాక దారి తెరుచుకుంది. 1976లో రొనాల్డ్ కాన్ బృందం ఈ నలుపుతో పాటు ఇన్సులిన్ మాట ఏమాత్రం వినని శరీరాలున్న కొందరు స్త్రీల గురించి రాసింది. వాళ్ల రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా ఉంది. చర్మానికీ ఇన్సులిన్‌కూ ముడి తేలింది ఇన్సులిన్‌ను కొలవబట్టే. కాబట్టి "కొలిచి చూద్దాం" అనడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

వాళ్ల రెండో మాట ఇంకా బలమైంది. షుగర్ పరీక్ష ఆలస్యంగా మాట్లాడుతుంది. క్లోమం ఏళ్లకేళ్లు అదనపు చాకిరీ చేసి అలసిపోయాకే చక్కెర పెరుగుతుంది. అప్పటిదాకా "షుగర్ నార్మల్" అని కాగితం వస్తుంది, తండ్రి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని "ఏం లేదట" అని ఇంటికి వస్తాడు. అదే కాగితం మీద ఇన్సులిన్ ఎక్కువ అని కనిపిస్తే మనసు కదులుతుంది. మాటకు లొంగని మనిషి అంకెకు లొంగడం నేను చూశాను. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

అంకెను ఇంకాస్త అర్థవంతం చేయడానికి ఒక సూత్రం కూడా వాడతారు. 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ మాథ్యూస్ బృందం ఇచ్చిన లెక్క ఇది. ల్యాబు కాగితాల మీద ఇలా అచ్చవుతుంది:

```
HOMA-IR = fasting glucose (mg/dL) × fasting insulin (µU/mL) ÷ 405
```

పరగడుపు చక్కెరను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించడమే. అంకె పెరిగేకొద్దీ శరీరం ఇన్సులిన్‌కు మొండికేసిందని. చాలాచోట్ల 2.5 దాటితే ఎక్కువ అంటారు. ఆ గీత అన్ని జాతులకూ, అన్ని వయసులకూ ఒకటే కాదు, ఎదిగే పిల్లల్లో అయితే అసలే కాదు. యుక్తవయసులో ఇన్సులిన్ మొండితనం సహజంగానే కొంత పెరుగుతుంది.

ఇప్పుడు అటు వైపు. మాటలతో కాకుండా ఒక మనిషిని పెట్టుకుని చూద్దాం. మిర్యాలగూడలో బియ్యం మిల్లులో లెక్కలు రాసే 27 ఏళ్ల అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే లారీలు లోడయ్యేదాకా లేవడు. బరువు 82 కిలోలు. మెడ వెనక నలుపు కాలర్ దాటి పక్కలకు వచ్చింది, రెండు పులిపిర్లు. తల్లికి షుగర్ ఉంది. పెళ్లిచూపుల ముందు మెడ తెల్లబడాలని మందుల షాపులో ట్యూబు కొన్నాడు, పని కాలేదు. ఎవరో చెబితే పరగడుపు షుగర్, పరగడుపు ఇన్సులిన్ చేయించుకున్నాడు.

షుగర్ 96 వచ్చింది. ఇన్సులిన్ 22 వచ్చింది. లెక్క వేస్తే 5.2, అంటే ఎక్కువే. కానీ కాగితం మీద ఇన్సులిన్ పక్కన ల్యాబు తన మామూలు పరిధి అచ్చు వేస్తుంది. విరివిగా వాడే ఒక యంత్రానికి ఆ పరిధి 2.6 నుంచి 24.9 దాకా. 22 దాని లోపలే ఉంది. లావు అక్షరాలు లేవు, ఎర్ర గీత లేదు. అబ్బాయి చదువుకుంటాడు, "ఇన్సులిన్ కూడా నార్మలే" అనుకుంటాడు. మనసు కదిలించడానికి చేయించిన పరీక్ష నిద్రపుచ్చింది. ఆ పరిధి ఎవరి రక్తంతో కట్టారో, వాళ్లలో ఎందరికి ఇన్సులిన్ అప్పటికే మొండిగా ఉందో ఆ కాగితం చెప్పదు.

సరే, మళ్లీ చేయిద్దామని పది రోజుల తర్వాత ఇంకో ల్యాబుకు వెళ్లాడనుకుందాం. ఈసారి షుగర్ 98, ఇన్సులిన్ 13. లెక్క 3.1. పది రోజుల్లో జబ్బు సగానికి తగ్గిందా? లేదు. ఇన్సులిన్ రక్తంలోకి ఒకే ధారగా రాదు, కొన్ని నిమిషాలకోసారి అలలుగా వస్తుంది. ముందు రాత్రి ఏం తిన్నాడు, ఎంత నిద్రపోయాడు అనే వాటికి కూడా కదులుతుంది. పైగా ఒక యంత్రం అంకె ఇంకో యంత్రం అంకెతో కలవదు. ఒకే రక్తానికి వేర్వేరు పద్ధతులు రెండింతల దాకా తేడా చూపిన సందర్భాలున్నాయి. చక్కెరకూ, మూడు నెలల షుగర్‌కూ ప్రపంచమంతా ఒప్పుకున్న కొలబద్దలు ఉన్నాయి, ఇన్సులిన్‌కు ఆ ఏర్పాటు ఇంకా రోజువారీ ల్యాబుల దాకా రాలేదు.

మన ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇన్సులిన్ నమూనాను చాలా చోట్ల ఇక్కడ తీసి హైదరాబాదు పంపుతారు. సూర్యాపేట నుంచైనా 130 కిలోమీటర్లు, కోదాడ నుంచి ఇంకా ఎక్కువ. తీసిన వెంటనే సీరం వేరుచేసి చల్లగా పంపితే ఫరవాలేదు. లేకపోతే దారి కుదుపులకు ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఎంజైమ్ ఇన్సులిన్‌ను తినేస్తుంది, అంకె అబద్ధంగా తగ్గిపోతుంది. సీరం గులాబీ రంగులో ఉందని ల్యాబు వాళ్లు చెబితే ఆ అంకెను నమ్మకూడదు.

వీటన్నిటికంటే పెద్ద అభ్యంతరం వేరే. ఆ అంకె 22 అయినా, 13 అయినా, 40 అయినా డాక్టరు చేసే పని మారదు. బరువు, నడుం, నడక, తిండి, మిగతా పరీక్షలు అన్నీ అవే. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మెడ నలుపును షుగర్ పరీక్ష చేయించాల్సిన కారణాల్లో ఒకటిగా పేర్కొంది, ఇన్సులిన్ కొలవమనలేదు. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మామూలు వైద్యంలో ఇన్సులిన్ పరీక్ష వద్దని నేరుగానే చెప్పాయి, ఆ జబ్బులో ఇన్సులిన్ మొండితనమే కీలకమని ఒప్పుకుంటూనే.

మరి ఆ అబ్బాయికి ఏం చేయించాలి? ఒక టేపు, ఒక బీపీ యంత్రం, ఒక్క పూట రక్త పరీక్షలు. నడుం కొలత బొడ్డు దగ్గర ప్యాంటు బెల్టు సైజుతో కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. అతనికి 98 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. మన వాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 గీత. బీపీ 134/86. ట్రైగ్లిజరైడ్లు 228, అంటే 150 గీత దాటింది. మంచి కొలెస్ట్రాల్ 34, మగవాళ్లకు 40కి తగ్గకూడదు. కాలేయం పరీక్షలో ఏఎల్‌టీ 64, కాబట్టి కొవ్వు కాలేయం ఉందేమో స్కానింగ్‌లో చూడాలి. నడుం, బీపీ, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, పరగడుపు షుగర్ అనే ఐదింటిలో మూడు గీత దాటితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. అతనివి నాలుగు దాటాయి. ఇన్సులిన్ మొండితనానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ సాక్ష్యాల్లో ప్రతిదానికీ విడివిడిగా చేయగలిగిన పని కూడా ఉంది.

ఇక షుగర్. పరగడుపున 96, మూడు నెలల షుగర్ 5.6. రెండూ గీతకు ఇవతలే, 100కీ 5.7కీ దిగువన. ఇక్కడ ఆగిపోతే "ఏం లేదు" అనే మాటే మిగులుతుంది. మన వాళ్లలో చాలామందికి చక్కెర ముందు తిన్న తర్వాతే పెరుగుతుంది, పరగడుపున పెరగడం వెనక వస్తుంది. అందుకే నాకు ఇన్సులిన్ కంటే గ్లూకోజు తాగి రెండు గంటలకు ఇచ్చే రక్తం మీద గురి ఎక్కువ. ఆ అబ్బాయికి అందులో 162 వచ్చిందనుకుందాం. 140 నుంచి 199 దాకా షుగర్ రాబోయే ముందు దశ. కాలువలో మట్టం ఎంతుందో తెలియకపోయినా చివరి పొలానికి నీరు ఎక్కడ ఆగుతోందో తెలిసింది.

ఈ పరీక్షకు ఖర్చు తక్కువ, పొరపాట్లు ఎక్కువ. అందుకే కాస్త వివరంగా చెబుతాను. ముందు మూడు రోజులు అన్నం మానేయకూడదు, ఎప్పటిలాగే తినాలి. "రేపు పరీక్ష" అని రెండు రోజులు పస్తున్నట్టు ఉంటే అంకె తప్పుదారి పట్టిస్తుంది. రాత్రి కనీసం ఎనిమిది నుంచి పది గంటల పాటు ఏమీ తినకుండా ఉండి పొద్దున వెళ్లాలి, మంచినీళ్లు తాగొచ్చు. ముందు ఒక నమూనా తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజును పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగాలి. ఇక్కడే చిక్కు. లెక్క 75 గ్రాములన్నది నీటి అంశం లేని గ్లూకోజుకు. బజారులో దొరికే గ్లూకోజు పొడి చాలావరకు నీటి అంశం కలిసినది, అది 82.5 గ్రాములు తూచాలి. నిమ్మ, నారింజ రుచి డబ్బాల్లో వేరే చక్కెరలు కూడా కలిసి ఉండొచ్చు, వాటిని వాడకూడదు. "మూడు స్పూన్లు వేసుకోండి" అని చెప్పే చోట ఆ పరీక్షకు విలువ లేదు. తూచి ఇస్తున్నారా అని అడగండి. తాగాక రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటే కండరాలు చక్కెర తినేస్తాయి. సిగరెట్ వద్దు, టీ వద్దు. వాంతి అయితే ఆ రోజు పరీక్ష లెక్కలోకి రాదు. తాగడం మొదలుపెట్టిన నిమిషం నుంచి సరిగ్గా రెండు గంటలకు రెండో నమూనా. చక్కెరకు తీసే రక్తం బూడిదరంగు మూత ఉన్న గొట్టంలో పడాలి. మామూలు గొట్టంలో ఉంచితే కణాలు గంటకు 5 నుంచి 7 శాతం దాకా చక్కెరను తినేస్తాయి, మధ్యాహ్నం దాకా పెడితే 162 కాస్తా 130 అవుతుంది. మళ్లీ "ఏం లేదు".

ఆ రెండు గంటల అంకెకు ఇంకో విలువ ఉంది. చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన భారతీయ డయాబెటిస్ నివారణ అధ్యయనంలో పాల్గొన్న 531 మందిని ఎంచుకున్నది ఈ గ్లూకోజు పరీక్షతోనే. వాళ్లలో తిండి, నడక మార్చుకున్న వాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో దాదాపు అంతే, 26.4 శాతం. రెండూ కలిపినా అంతకంటే పెద్దగా పెరగలేదు. అంటే ఈ అంకె చూసి పని మొదలుపెడితే ఫలితం ఉంటుందని మన వాళ్ల మీదే తేలింది. పరగడుపు ఇన్సులిన్ చూసి మొదలుపెట్టిన పనికి అలాంటి దన్ను లేదు.

ఇక్కడ నన్ను ఆపి ఒక మాట అడగొచ్చు. మూడు నెలల షుగర్ ఉంది కదా, పరగడుపు అక్కర్లేదు, రెండు గంటలు కూర్చోనక్కర్లేదు, దాన్నే చూసుకుంటే చాలదా? చాలామందికి చాలుతుంది. ఎవరికి చాలదో చెప్పడానికి ఇంకొకరిని పెట్టుకుందాం. కోదాడలో డిగ్రీ చదువుతున్న 19 ఏళ్ల అమ్మాయి. మెడ, చంకలు నలుపు. నెలసరి రెండు మూడు నెలలకోసారి. గడ్డం మీద నాలుగు వెంట్రుకలు. మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది. ఇంట్లో ఏడుపులు, "ఈ వయసులోనే షుగరా" అని. అదే కాగితంలో పైవరుసలో హిమోగ్లోబిన్ 8.4 ఉంది, దాన్నెవరూ చూడలేదు.

ఇనుము లోపించిన రక్తహీనతలో మూడు నెలల షుగర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి మన ఆడపిల్లల విషయంలో ఆ అంకెను హిమోగ్లోబిన్‌తో కలిపి చదవకపోతే తప్పే. ఇంకో వైపు తప్పూ ఉంది. తలసీమియా లక్షణం, సికిల్ సెల్ వంటివి ఉన్నవాళ్లలో, ఈ మధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో అది తక్కువ చూపించవచ్చు. ఆ అమ్మాయికి గ్లూకోజు పరీక్ష చేస్తే పరగడుపున 90, రెండు గంటలకు 126 వచ్చిందనుకుందాం. అంటే ఇప్పటికి షుగర్ ముందు దశ కూడా లేదు. ఆమెకు ముందు కావలసింది ఇనుము మాత్రలు, రక్తం ఎందుకు తగ్గిందో చూడడం. మూడు నాలుగు నెలల తర్వాత హిమోగ్లోబిన్ నిలదొక్కుకున్నాక మూడు నెలల షుగర్ పరీక్ష మళ్లీ. నెలసరికి థైరాయిడ్, ప్రొలాక్టిన్, మగ హార్మోను పరీక్షలు, అవసరమైతే స్కానింగ్. పీసీఓఎస్ అని తేలితే ఏడాది నుంచి మూడేళ్లకోసారి మళ్లీ గ్లూకోజు పరీక్ష. ఈ మొత్తం దారిలో పరగడుపు ఇన్సులిన్ ఎక్కడా మలుపు తిప్పలేదు.

అయినా ఇన్సులిన్ పరీక్షను పూర్తిగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. మనిషి సన్నగా ఉన్నాడు, నడుం పెరగలేదు, అయినా మెడ, చంకలు, గజ్జలు అన్నీ దట్టంగా నల్లబడ్డాయి అనుకోండి. లేదా చేతులు కాళ్ల మీద కొవ్వే లేకుండా నరాలు తేలి, ట్రైగ్లిజరైడ్లు వేలల్లో ఉన్నాయి. లేదా ఉన్న షుగర్ రోజుకు 200 యూనిట్ల ఇన్సులిన్ వేసుకున్నా దిగడం లేదు. అప్పుడు 1976లో కాన్ వర్ణించినటువంటి అరుదైన జబ్బులు, కొవ్వు నిల్వ ఉండని జబ్బులు వెతకాలి. అక్కడ ఇన్సులిన్ అంకె వందల్లో ఉండొచ్చు, అది రోగ నిర్ధారణనే మార్చేస్తుంది. కానీ ఆ పరీక్ష ఎండోక్రైనాలజిస్ట్ చేతిలో, ఆయన అడిగినప్పుడు, మంచి ల్యాబులో జరగాలి. ఒకటే జాగ్రత్త, మామూలుగా కనిపించే మనవాళ్లందరినీ "సన్నగా ఉన్నాడు" అని ఇటు తోసేయకూడదు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ 2004లో తన పక్కన ఒక బ్రిటిష్ వైద్యుణ్ణి నిలబెట్టుకుని చూపించాడు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు అతనికి 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నటి చొక్కా లోపల బొజ్జ కొవ్వు ఉండడం మనకు మామూలే, నడుం టేపు అందుకే.

పిల్లల విషయంలో లెక్క కొంచెం వేరు. వయసుకు మించిన బరువు ఉండి మెడ నలుపు ఉంటే పదేళ్ల నుంచి, లేదా యుక్తవయసు అంతకు ముందే మొదలైతే అప్పటి నుంచి షుగర్ పరీక్ష చేయించాలి. ఆ వయసులో ఇన్సులిన్ అంకె సహజంగానే పెరుగుతుంది కాబట్టి దాన్ని కొలిచి పిల్లను భయపెట్టడం న్యాయం కాదు.

పాత భయాన్ని కూడా మరిచిపోవద్దు. అరవై దాటిన మనిషికి కొద్ది నెలల్లోనే నలుపు వచ్చి, అరచేతులు గరుకుగా దళసరెక్కి, పెదవులు, నోటి లోపల కూడా మారి, బరువు తగ్గుతుంటే ఇన్సులిన్ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. కడుపు ఎండోస్కోపీ, స్కానింగ్ వెంటనే జరగాలి. ఇది అరుదు, కానీ ఆలస్యం చేయడానికి వీల్లేనిది. స్టెరాయిడ్ మాత్రలు, ఎక్కువ మోతాదులో నియాసిన్ వంటి మందులు వాడేవాళ్లకూ ఈ నలుపు రావచ్చు, డాక్టరుకు మందుల చీటీ చూపించాలి.

క్రీముల సంగతి ఒక్క మాటలో తేల్చలేను గానీ, ఒకటి గట్టిగా చెప్పాలి. తెల్లబరుస్తుందని మందుల షాపులో ఇచ్చే ట్యూబుల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రెండు వారాలు మెడ తేటపడినట్టే ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, చంకల్లో చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. దళసరి తగ్గించే యూరియా, రెటినాయిడ్ వంటివి చర్మ డాక్టరు రాస్తే కొంత మెరుగు ఉంటుంది. మెడ నలుపుకు అసలు మందు నడుం తగ్గడమే. అదీ నెమ్మదిగా.

మిల్లు అబ్బాయి దగ్గరికి వస్తే, అతను చేయాల్సింది బరువులో 5 నుంచి 7 శాతం, అంటే నాలుగు నుంచి ఆరు కిలోలు తగ్గడం. లారీలు లోడయ్యేలోపు రోజూ అరగంట నడవొచ్చు, మధ్యాహ్నం కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ జాగాలో కూర, పప్పు పెంచొచ్చు. బీపీ నెలకోసారి చూసుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు, కాలేయం మూడు నుంచి ఆరు నెలలకు మళ్లీ, గ్లూకోజు పరీక్ష ఏడాదికి మళ్లీ. మెడ ఫోటో ఒకటి ఇవాళ తీసి పెట్టుకోవచ్చు, అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఆరు నెలలకు ఇంకొకటి. చర్మం అన్నిటికంటే ఆలస్యంగా మారుతుంది. నడుం 98 నుంచి 93కి దిగి, ట్రైగ్లిజరైడ్లు తగ్గాక కూడా మెడ నల్లగానే ఉండొచ్చు. అప్పుడు "ఏం ఫలితం లేదు" అని మానేయకుండా, ఆ ఇన్సులిన్ పరీక్షకు పెట్టే డబ్బుతో రెండో సారి గ్లూకోజు తూచి తాగి, రెండు గంటలు కూర్చుని రావడం మేలు.